సన్నటి పొగ లేచేదాకా: ఆవనూనె పచ్చి ఘాటు ఎలా పోతుంది, ఏ కూరకు కుదురుతుంది

మొదటిసారి ఆవనూనెతో వంకాయ వేపుడు చేసిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు. శనగనూనెతో ఎలా చేస్తానో అలాగే చేశాను. మూకుట్లో నూనె పోసి, కాస్త వేడెక్కగానే ముక్కలు వేసేశాను. ఆ ఘాటుకు హాల్లో కూర్చున్న మా అత్తగారు వరసగా నాలుగు తుమ్ములు తుమ్మారు. కూర నోట్లో పెట్టుకుంటే వంకాయ రుచే తెలియలేదు. గొంతులో గీరినట్టు, ముక్కు లోపల సూదితో పొడిచినట్టు ఒకటే బాధ. "ఇది ఒంటికి రాసుకునే నూనె కదమ్మా, కూరలో పోశావేంది?" అన్నారు ఆవిడ.

నెల్లూరులో ఆ తరంవాళ్ళకు ఆవనూనె అంటే అంతే మరి. మోకాళ్ళ నొప్పులకు వెచ్చచేసి రాసుకునేది. మన వంటింట్లో శనగనూనె, నువ్వులనూనె, ఇప్పుడు పొద్దుతిరుగుడు నూనె. కృష్ణపట్నం పోర్టు వచ్చాక, రొయ్యల కంపెనీలు పెరిగాక బెంగాల్, ఒడిశా, బీహార్ నుంచి మనుషులు పనికి వచ్చారు. వాళ్ళతోపాటే ఆవనూనె సీసాలు కూడా మన కిరాణా కొట్లలోకి వచ్చాయి. నేను కొన్నదీ అలాంటి సీసానే. చవగ్గా దొరికిందని కాదు, మా మేడమీద పోర్షన్‌లో అద్దెకున్న బెంగాలీ అమ్మాయి వండే చేపల వాసనకు ఆశపడి కొన్నాను.

ఆ వంకాయ వేపుడు గిన్నె పట్టుకుని నేరుగా మేడమీదికే వెళ్ళాను. ఆ అమ్మాయి వాసన చూసి నవ్వింది. "అక్కా, నూనె కాగలేదు. పచ్చి ఉంది" అంది. పచ్చి అనే మాట ఆమెకు ఎవరు నేర్పారో గానీ, సరిగ్గా అదే మాట.

ఈ పచ్చితనం అంటే ఏమిటో తెలుసుకోవడానికి రసాయనశాస్త్రం దాకా వెళ్ళక్కర్లేదు, మన పోపులడబ్బా చాలు. ఒక ఆవగింజను అలాగే నోట్లో వేసుకుని మింగితే ఏ ఘాటూ ఉండదు. పోపులో చిటపటలాడిన ఆవాలు నమిలినా ముక్కుకెక్కదు, కొంచెం వగరుగా, కమ్మగా ఉంటాయి. అవే ఆవాలను పచ్చివిగా నానబెట్టి నీళ్ళు చిలకరించి రుబ్బితే మాత్రం, రోలు దగ్గర కూర్చున్న మనిషికి కళ్ళనీళ్ళు ఆగవు. గింజ ఒకటే అయినా మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటుంది.

కారణం ఏమిటంటే, ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. దాని ముడిసరుకు ఒక గదిలో, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో గదిలో ఉన్నట్టు విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలినప్పుడు రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థం. ముల్లంగి ఘాటు, జపాన్‌వాళ్ళు పచ్చి చేపతో తినే వసాబి ఘాటు కూడా ఈ కుటుంబానివే. పోపులో వేసినప్పుడు నూనె వేడికి ఆ ఎంజైము ముందే చచ్చిపోతుంది, కాబట్టి ఘాటు పుట్టదు. వేడినీళ్ళలో నానబెట్టి రుబ్బితే ఆవముద్ద చప్పగా, చేదుగా వచ్చేదీ అందుకే.

ఈ ఘాటుకు మిరపకారానికి లేని గుణం ఒకటుంది. ఇది గాలిలోకి ఎగిరిపోతుంది. మిరపకారం నాలుక మీద అంటుకుని అరగంట మండిస్తుంది. ఆవఘాటు ఆవిరిలా ముక్కులోకి ఎక్కి, నడినెత్తిని తాకి, నిమిషంలో దిగిపోతుంది. అరటికాయ ఆవపెట్టిన కూర చేసేటప్పుడు మా అమ్మ "కూర దించి, చల్లారాక ఆవ కలుపు, పొయ్యి మీద కలిపితే ఆవ చచ్చిపోతుంది" అనేది. వేడి తగిలితే ఘాటు లేచిపోతుందని మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. అక్కడ ఘాటు పోకూడదని జాగ్రత్తపడతాం, ఆవనూనె దగ్గర పోవాలని చూస్తాం, తేడా అంతే.

మరి నూనెలోకి ఆ ఘాటు ఎలా వచ్చింది? గానుగలో ఆవాలు ఆడేటప్పుడు కొద్దిగా నీళ్ళు చిలకరిస్తారు. వేడి ఎక్కువ పుట్టకుండా నెమ్మదిగా ఆడతారు. ఆ తడిలో ఘాటు పుట్టి, నూనెలో కరిగిపోతుంది. సీసా మీద "కచ్చీ ఘానీ" అని రాసేది ఇలా ఆడిన నూనెకే. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం కచ్చీ ఘానీ నూనెలో ఈ ఘాటు పదార్థం నూటికి 0.10 నుంచి 0.60 వంతు దాకా ఉండాలి. చూడటానికి ఎంతో చిన్న లెక్క. నూటికి ఒక వంతు కూడా లేని ఆ కొంచెమే మా అత్తగారిని హాల్లో తుమ్మించింది. ఆవాలను వేడిచేసి పెద్ద మిల్లులో పిండిన నూనెలోనూ, రిఫైన్డ్ నూనెలోనూ ఈ ఘాటు తక్కువ. అందుకని సీసా మార్చినప్పుడల్లా కాచే టైం కూడా కాస్త మారుతుంది.

ఇక కాచే పద్ధతి. మేడమీద అమ్మాయి నాకు చూపించింది ఇనుప మూకుట్లో. తడి లేకుండా తుడిచిన మూకుట్లో 100 మిల్లీలీటర్ల నూనె, అంటే చిన్న టీ గ్లాసుడు పోసి, మంట మధ్యస్థంగా పెట్టింది. మొదట్లో నూనె ముదురు తేనె రంగులో, చిక్కగా ఉంది. నిమిషంన్నరకు పలచబడి అంచుల్లో అలలు కదిలాయి, పైన కొద్దిగా నురుగు కట్టింది. శుద్ధి చేయని నూనెలో ఉండే కాస్త తడికీ, మడ్డికీ వచ్చే నురుగు అది, కంగారుపడక్కర్లేదు, తనే అణిగిపోతుంది. ఆ తర్వాత అసలు ఘాటు లేచింది. నేను అలవాటు కొద్దీ మూకుడు మీదికి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఇప్పుడు నూనె ఏడిపిస్తుంది. దూరం ఉండు."

ఇక్కడే నేను మొదటిసారి తప్పుచేసింది. ఘాటు గుప్పుమన్నప్పుడు నూనె కాగిపోయిందనుకుంటాం, నిజానికి అప్పుడే బయల్దేరింది. ఆ ఘాటు పదార్థం విడిగా ఉంటే 150 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. కానీ కొంచెం పదార్థం బోలెడంత నూనెలో కరిగి ఉంది కాబట్టి, 150 దాటగానే ఒక్క ఊపులో పోదు. వేడి పెరుగుతున్నకొద్దీ నెమ్మదిగా వదులుతుంది. గుప్పుమన్న వాసన తగ్గేదాకా ఆగాలి.

ఇంకో నిమిషానికి రంగు మారడం మొదలైంది. నూనెకు ఆ ముదురు పసుపు ఇచ్చే రంగు పదార్థాలు వేడికి విరిగిపోతాయి. తేనెరంగు పోయి ఎండుగడ్డి రంగు వచ్చింది. మూకుడు అడుగు మునుపటికన్నా స్పష్టంగా కనిపించింది. సరిగ్గా అప్పుడే ఒక పక్క నుంచి అగరొత్తి పొగలాంటి సన్నటి గీత లేచింది. ఆమె వెంటనే స్టవ్ ఆపేసింది. మొత్తం ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. స్టవ్ మంట, గిన్నె మందం, నూనె కొలత మారితే ఈ ఐదు నిమిషాలు మూడు కావచ్చు, ఎనిమిది కావచ్చు. అందుకని గడియారం కన్నా రంగును నమ్ముకోవడం మంచిది.

పొగ విషయంలో నాకు ఒక అభిప్రాయం ఉంది, ఆ అమ్మాయి ఒప్పుకోదు. ఆవనూనె పొగ రావడం సుమారు 250 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఘాటు పోవడానికి అంత వేడి అక్కర్లేదు. మరి అందరూ పొగ వచ్చేదాకా అని ఎందుకంటారు? వంటింట్లో థర్మామీటరు ఉండదు కాబట్టి. పొగ కనిపించిందంటే ఘాటు పోయే వేడి ఎప్పుడో దాటిపోయిందని కంటికి తెలిసిపోతుంది. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళో, కిటికీ లేని వంటగదో అయితే పొగదాకా పోకుండా కూడా పని జరుగుతుంది. రంగు పలచబడటం మొదలవగానే మంట బాగా తగ్గించి, మూడు నాలుగు నిమిషాలు అలాగే ఉంచాలి. తర్వాత దూరం నుంచి చేత్తో గాలి విసురుకుని వాసన చూస్తే ముక్కు పొడవకూడదు, వేయించిన గింజల వాసన రావాలి. మా ఇంట్లో ఇప్పుడు నేను చేసేది ఇదే. మేడమీద అమ్మాయి మాత్రం, పొగ రాని నూనె నూనే కాదంటుంది.

సన్నటి గీత దాటి మూకుడంతా పొగ కమ్మితే మాత్రం ఆ నూనె చెడిపోయినట్టే. అప్పుడు నూనే విరిగిపోతూ కళ్ళు మండించే వేరే ఆవిరి పుడుతుంది. ఆ మంటకూ ఆవఘాటుకూ తేడా తెలుసుకోవడం తేలిక. ఆవఘాటు ముక్కులో చురుక్కుమని పోతుంది, మాడిన నూనె పొగ గొంతులో పట్టేసి దగ్గు తెప్పిస్తుంది. పలచబడిన రంగు మళ్ళీ గోధుమరంగులోకి తిరుగుతుంది. అలాంటి నూనెతో చేసిన కూర చేదెక్కుతుంది, ఎంత చింతపండు పోసినా ఆ చేదు పోదు. పారబోసి మళ్ళీ మొదలుపెట్టడమే. ఒకవేళ మంటే అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, స్టవ్ ఆపి మూత పెట్టేయాలి.

నాన్‌స్టిక్ పెనంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఆవనూనె పొగ వచ్చే వేడికి, ఆ పూత పాడయ్యే వేడికి మధ్య దూరం చాలా తక్కువ. ఇనుము, స్టీలు, మందపాటి అల్యూమినియం ఏదైనా ఫర్వాలేదు. ఇండక్షన్ స్టవ్ మీద నూనె చప్పున కాగిపోతుంది, కళ్ళు తిప్పి చూసేలోపు పొగ కమ్మేస్తుంది, కాబట్టి నంబరు తగ్గించి పెట్టుకోవాలి.

కాగాక అందరూ మర్చిపోయే పని ఒకటుంది, చల్లార్చడం. పొగ వచ్చిన నూనెలో ఎండుమిర్చి వేస్తే రెండు సెకన్లలో నల్లబడుతుంది. పసుపు వేస్తే మాడి చేదెక్కుతుంది. స్టవ్ ఆపి, ఇనుప మూకుడైతే నాలుగైదు నిమిషాలు, పలచటి స్టీలు గిన్నె అయితే రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఒక జీలకర్ర గింజ వేసి చూస్తే తెలుస్తుంది. చుట్టూ బుడగలు కట్టుకుని మెల్లగా రంగు మారితే పోపుకు సిద్ధం. పడగానే నల్లబడితే ఇంకా ఆగాలి. తర్వాత మళ్ళీ మంట మధ్యస్థంగా వెలిగించి మామూలు వంటే.

అలా కాచి చల్లార్చిన నూనెలో ఆమె నాకు మొదట చేసి పెట్టింది చేపల కూర. మన దగ్గర చెరువు చేపలకు కరువేముంది. ఆ రోజు అరకిలో బొచ్చె చేప, ఆరు ముక్కలు. ఉప్పు, పసుపు రాసి పావుగంట పక్కన పెట్టింది. ఈలోపు రెండు పెద్ద చెంచాల ఆవాలు చన్నీళ్ళలో ఇరవై నిమిషాలు నాని ఉన్నాయి. వాటిని రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు ఉప్పు వేసి, కొంచెం కొంచెం నీళ్ళు చిలకరిస్తూ మెత్తగా రుబ్బింది. ఉప్పు, పచ్చిమిర్చి వేసి రుబ్బితే ఆవముద్ద చేదెక్కదని బెంగాల్‌లో నమ్మకం. నల్ల ఆవాల బదులు పసుపు ఆవాలు సగం కలిపితే చేదు నిజంగానే తగ్గుతుంది, అది నేను చేసి చూశాను. మిక్సీలో రుబ్బేవాళ్ళు ఆగి ఆగి తిప్పాలి.

కాచిన నూనెలో చేప ముక్కలను ఒక్కో పక్క రెండు మూడు నిమిషాలు వేయించి తీసింది. పూర్తిగా ఉడకాలని కాదు, పైన పొర గట్టిపడి పులుసులో విడిపోకుండా ఉండాలని. ఆ నూనెలోంచి మూడు గరిటెలు ఉంచి మిగతాది గిన్నెలోకి వంచేసింది. అందులో అరచెంచా నల్లజీలకర్ర, చీల్చిన పచ్చిమిర్చి నాలుగు, పసుపు వేసి, మంట తగ్గించి ఆవముద్దను గ్లాసున్నర నీళ్ళలో కలిపి పోసింది. ఉడుకు పట్టాక ముక్కలు వేసి ఏడెనిమిది నిమిషాలు. చింతపండు లేదు, ఉల్లిపాయ లేదు, మసాలా లేదు. నెల్లూరు మనిషిగా నాకు లోపల టెన్షన్, ఇదేం కూరా అని.

అంతా అయ్యి స్టవ్ ఆపాక ఆమె చేసిన పని చూసి తెల్లబోయాను. సీసా తీసి, ఒక చెంచా పచ్చి ఆవనూనె, కాచనిది, కూర మీద చుట్టూ పోసి మూత పెట్టేసింది. "ఇంతసేపూ కాచింది ఎందుకు మరి?" అన్నాను. "అది వంటకి అక్కా, ఇది వాసనకి."

పది నిమిషాలకు మూత తీస్తే గదంతా ఘుమఘుమ. ఒక గ్లాసు పచ్చి నూనెతో వంకాయ వేపుడు మా నోట్లో మంట పెట్టింది, అదే పచ్చి నూనె ఒక్క చెంచా పొయ్యి ఆపిన కూర మీద పడితే చేప వాసనకు కొత్త ప్రాణం వచ్చింది. అమ్మ ఆవను చల్లారాక కలపమన్న లెక్కే ఇదీ. బెంగాల్‌లో మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి చివర్లో చల్లేదీ, బీహార్‌లో కాల్చిన వంకాయనో ఉడికిన ఆలుగడ్డనో మెదిపి పైన పోసేదీ కాచని నూనే. అక్కడ పొయ్యి లేదు, కొలత చెంచా దాటదు, తినేది వెంటనే. వేడి మీద వేయించే వంటలకూ, పులుసులకూ మాత్రం కాచిందే.

ఏ వంటకు కుదురుతుందో నేను ఏడాదిన్నరగా చూస్తున్నాను. ఘాటు పోయినా ఆవనూనెకు తనదైన రుచి మిగులుతుంది, కాస్త గింజల వాసన, చివర్లో సన్నటి చేదు. ఆ చేదును తట్టుకునే వస్తువు కావాలి. చేపలు, రొయ్యలు, పీతలు బాగా తట్టుకుంటాయి, వాటి నీచు కూడా అణుగుతుంది. వంజరం ముక్కలకు ఉప్పు, కారం, పసుపు రాసి ఈ నూనెలో వేయిస్తే, శనగనూనె వేపుడు మళ్ళీ అడగలేదు మా పిల్లలు. ఆలుగడ్డ వేపుడు, గుండ్రంగా కోసిన వంకాయ, కాకరకాయ, వెల్లుల్లి ఎండుమిర్చి వేసిన తోటకూర వేపుడు కూడా బాగుంటాయి. తోటకూరలో నూనె రెండు చెంచాలకు మించకూడదు, మించితే ఆకు రుచి పోతుంది. మాంసం కూర ఎక్కువసేపు సన్నమంట మీద ఉడికేదైతే చక్కగా కుదురుతుంది. బీహార్‌వాళ్ళు మూతకు పిండి అంటించి కుండలో ఉడికించే మటన్ ఈ నూనెతోనే.

కుదరనివి కూడా చెప్పాలి. కొబ్బరి పచ్చడికి, మజ్జిగ పులుసుకు, చారుకు ఈ పోపు పెడితే మెత్తటి రుచి మీద గట్టి వాసన కూర్చున్నట్టు ఉంటుంది. గారెలు, బూరెలు, అరిసెలు వద్దే వద్దు. గుత్తివంకాయలో నువ్వులు, వేరుశనగ పొడి ఉంటాయి కాబట్టి గింజల వాసనల మధ్య కొట్లాట అవుతుంది. ఇక మన చేపల పులుసు. మామిడికాయ వేసిన నెల్లూరు పులుసులో రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి నూనె అంతా ఆవనూనే పోశాను. మెంతుల చేదు, నూనె చేదు కలిసి పులుసు రెండోరోజుకు ఇంకా చేదెక్కింది. మన పులుసు రెండోరోజే కదా బాగుండాలి. రెండోసారి సగం నువ్వులనూనె పోసి, మెంతిపొడి సగానికి తగ్గించాను. తినగలిగాం. కానీ మా అత్తగారు చెయ్యి కడుక్కుంటూ "బాగానే ఉంది గానీ పులుసు కాదు" అన్నారు. నాదీ అదే మాట. పులుపుకూ ఆవనూనెకూ వైరం ఉందని కాదు, ఒడిశావాళ్ళు ఎండు మామిడి వేసి ఆవనూనెతో చేపల కూర చేస్తారు. అక్కడ మెంతుల బరువు ఉండదు, అంతే.

కాచితే ఏది పోతుంది, ఏది పోదు అన్నది కూడా తెలిసి ఉండాలి. పోయేది ఘాటు, ముదురు రంగు. మన ఆవనూనెలో ఎరూసిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం మామూలుగా నూటికి 40 పైనే ఉంటుంది. అది నూనెలో భాగం, ఎంత కాచినా పోదు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో గుండె కండరంలో కొవ్వు చేరినట్టు కనబడటంతో అమెరికాలో దీన్ని వంటనూనెగా అమ్మనివ్వరు. అక్కడి సీసాల మీద పైపూతకు మాత్రమే అని ఉంటుంది. ఉత్తరాదిన తరతరాలుగా తింటున్నవాళ్ళలో అలాంటి హాని జరుగుతుందని తేలలేదు. నేనైతే రోజూ ఇదే వాడను, వారంలో రెండు మూడు వంటలకు వాడతాను. మిగతా రోజులు శనగనూనే.

కల్తీ కూడా కాచితే పోదు. మన జిల్లాలో రోడ్ల పక్కన, బీడు భూముల్లో పసుపు పూలతో ముళ్ళ మొక్క కనిపిస్తుంది, బ్రహ్మదండి అంటాం. దాని గింజలు ఆవాల్లా చిన్నగా, నల్లగా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె తిని కాళ్ళు వాచి, గుండె దెబ్బతిని అరవైమందికి పైగా చనిపోయారు. అందుకని డబ్బాలోంచి లూజుగా పోసే ఆవనూనె కొనొద్దు, సీల్ ఉన్న సీసానే కొనండి. 2021 జూన్ 8 నుంచి ఆవనూనెలో వేరే వంటనూనె కలిపి అమ్మడం కూడా దేశమంతా నిషేధం. లేబుల్ మీద ఆవనూనె ఒక్కటే ఉండాలి.

వేయించాక మిగిలిన నూనె ఏం చేయాలని చాలామంది అడుగుతారు. చేప వేయించినదైతే వడకట్టి మరుసటి రోజు చేపకే వాడేస్తాను. దాన్ని మళ్ళీ పొగదాకా కాచకూడదు. ఘాటు మొదటిసారే పోయింది, పైగా ఒకసారి కాగిన నూనె రెండోసారి ముందే పొగ వస్తుంది, ఊరికే మాడుతుంది. వేడెక్కగానే ముక్కలు వేసేయడమే. మూడోసారి వాడను.

పోయిన ఎండాకాలం ఒక చిన్న జాడీ ఆవకాయ ఆవనూనెతో పెట్టాను. ఉత్తరాది మామిడి ఊరగాయకు వాళ్ళు నూనెను పొగదాకా కాచి, పూర్తిగా చల్లార్చి పోస్తారు. మనం నువ్వులనూనె పచ్చిదే పోస్తాం. ఇక్కడ చల్లార్చడం అన్నది ఊరికే చెప్పే మాట కాదు. మన ఆవకాయలో ఆవపిండి ఉంది. ముక్కల తడి తగిలి అందులో ఘాటు ఇంకా పుడుతూ ఉంటుంది. నూనె వేడిగా పోస్తే పిండిలో ఎంజైము చచ్చి ఘాటు ఆగిపోతుంది, కారం కూడా రంగు మారుతుంది. పొద్దున కాచిన నూనెను సాయంత్రం పోశాను. గిన్నె అడుగున చెయ్యి పెడితే చల్లగా తగిలే దాకా ఆగాను. మూడోరోజు కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకు బాగానే తగిలింది. నూనె నుంచి వచ్చిన వాసన వెనక్కి ఉంది. పక్కన పెద్ద జాడీ మాత్రం ఎప్పటిలాగే నువ్వులనూనెతో పెట్టాను. చిన్న జాడీ జూలైకి ఖాళీ అయ్యింది, సగం మేడమీదికే వెళ్ళింది.